నకలు వరుసలు, అసలు ప్రతులు

మా ఊరి గ్రంథాలయంలో 1950లలో అచ్చువేయించిన పుస్తకాల పట్టిక ఒకటి ఉంది. 118 పేజీలు. విషయాల వారీగా విభాగాలు, విభాగంలో అకారాది క్రమం. ఒక్కో వరుసలో పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు దానికి వేసిన యాక్సెషన్ నంబరు, పేరు, రచయిత, ధర ఉంటాయి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుది కాబట్టి ఆ ధరలన్నీ రూపాయి, అణా, పైస లెక్కలోనే ఉన్నాయి. కాగితం పెళుసుబారి, పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఇంకో అయిదేళ్లు ఉంటుందన్న నమ్మకం లేక, దానిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేను తలకెత్తుకున్నాను.

అచ్చు బాగా సన్నం. పేజీ మొత్తాన్ని ఒకే ఫోటోలో పడితే ఒత్తులు అలుక్కుపోయి, ఫోటోలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే ఓసీఆర్‌కు ‘క్త’కూ ‘క్క’కూ తేడా తెలియడం లేదు. అందుకని ఫోనును స్టాండుకు బిగించి ప్రతి పేజీనీ రెండు ముక్కలుగా తీశాను: పై సగం ఒకటి, కింది సగం ఒకటి. మధ్యలో ఏ వరుసా జారిపోకూడదని రెండు ముక్కల్లోనూ నాలుగైదు వరుసలు ఉమ్మడిగా వచ్చేలా చూసుకున్నాను. ఆ జాగ్రత్త సరైనదే. అయితే ఆ ఉమ్మడి వరుసలను తర్వాత ఎలా తీసేయాలన్నది అప్పుడు ఆలోచించలేదు.

టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాంతో ఒక్కో ఫోటోనూ చదివించాను.

```
tesseract 041a.png 041a -l tel+eng --psm 6 tsv
```

అన్ని ఫలితాలనూ ఒక దాని కింద ఒకటి చేర్చి, పేజీ తలకట్టులనూ, విభాగాల పేర్లనూ, అడుగున ఉన్న పేజీ సంఖ్యలనూ తీసేశాను. 5,812 వరుసలు మిగిలాయి. పట్టిక చివరి పేజీలో ‘మొత్తం గ్రంథములు 5,136’ అని అచ్చయి ఉంది. అంటే నా దగ్గర 676 ఎక్కువ. ఇవన్నీ ఉమ్మడి వరుసలే అయి ఉంటాయనుకుని తీసేయడం మొదలుపెట్టాను.

మొదట అక్షరం అక్షరం సరిపోయే వరుసలను తీసేయమన్నాను. 138 మాత్రమే పోయాయి. ఒకే వరుసను రెండు ఫోటోలలో చదివితే ఓసీఆర్ రెండు రకాలుగా చదువుతుంది. కాంతి ఒక వైపు నుంచి పడిన ఫోటోలో ‘పెంపకం’ అని వచ్చింది రెండో ఫోటోలో ‘వెంపకం’ అయింది. తలకట్టు కాస్త చెరిగితే ‘మ’ ‘య’గా మారిపోతుంది. తెలుగు సున్నా అంకె ౦, పక్కన నిలిచే పూర్ణానుస్వారం ం చూపుకు ఒకటే కాబట్టి అవి తారుమారవుతాయి. కొన్ని వరుసలు తెరమీద అచ్చంగా ఒకేలా కనిపిస్తున్నా కంప్యూటర్ వేరంటోంది. విడదీసి చూస్తే ఒకదానిలో పొల్లు తర్వాత కంటికి కనిపించని U+200C అక్షరం ఉంది. అలాంటివన్నీ సాపు చేశాక ఇంకొన్ని కలిశాయి కానీ, తప్పు చదివిన అక్షరాల సమస్య తీరలేదు.

తర్వాత కొంచెం దగ్గరగా ఉన్నా చాలు, ఒకటే అనుకోమన్నాను. పేరు, రచయిత నూటికి తొంభై పాళ్లు కలిస్తే రెండో వరుసను తీసేయడమే పద్ధతి. ఈసారి 5,139 మిగిలాయి. అచ్చులో ఉన్న లెక్కకు మూడే తేడా! ఆ మూడూ ఏ చెత్త వరుసలో అయి ఉంటాయనుకుని, ఆ రాత్రే జాబితాను అచ్చు తీసి మర్నాడు గ్రంథాలయానికి పట్టుకెళ్లాను.

అక్కడ చాలా ఏళ్లు గ్రంథపాలకులుగా పనిచేసి రిటైరైన మాస్టారు రోజూ సాయంత్రం పత్రికలు చదవడానికి వస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని వ్యవసాయం విభాగం తీశారు. వేలితో వరుసలు చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు.

“తేనెటీగల పుస్తకం నీ జాబితాలో ఒకటే ఉందేమిటమ్మా? మన దగ్గర రెండు ప్రతులు ఉండేవి. జనం ఎక్కువగా అడిగే పుస్తకమైతే రెండు తెప్పించేవారు. దేని నంబరు దానిదే.”

నాకు ఒక్కసారిగా గుండె జారినట్టయింది. ఒకే పేరు, ఒకే రచయిత, ఒకే ధర ఉన్న వరుసలు పట్టికలో సహజంగానే ఉంటాయి. అవి నకళ్లు కావు, అలమారలో ఉన్న రెండో ప్రతులు. వాటిని నేనే తీసేశాను. మరి అలా వందల కొద్దీ అసలు పుస్తకాలు పోతే మొత్తం 5,139కి ఎలా వచ్చింది? పోకూడనివి పోయినంత మేర పోవలసినవి ఉండిపోయి ఉండాలి. ఇంటికొచ్చి విభాగాల వారీగా లెక్క చూశాను. ప్రతి విభాగం చివరా దాని మొత్తం అచ్చయి ఉంది. నాటకాలు అచ్చులో 412, నా దగ్గర 371. కావ్యాలు అచ్చులో 688, నా దగ్గర 730. ఒకచోట గొయ్యి, ఒకచోట దిబ్బ. మొత్తం మీద సమానంగా కనిపించిందంతే.

మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి అన్నిటికంటే ముందు, ప్రతి వరుసకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంచాను: పేజీ, పై సగమా కింది సగమా, అందులో ఎన్నో వరుస. 041b-03 అంటే 41వ పేజీ కింది సగంలో మూడో వరుస. టెస్సరాక్ట్ ఇచ్చే ఫలితంలో page_num అనే గడి ఉంటుంది కానీ, ఒక్కొక్క ఫోటోను విడిగా చదివిస్తే అది ప్రతిసారీ 1 అనే చెబుతుంది. అందుకని ఈ గుర్తును ఫైలు పేరు నుంచే తీసుకోవాలి. ఫైలు పేర్లలో కూడా 9ని 009 అని రాసుకోవాలి, లేకపోతే వరుసక్రమంలో 10 వచ్చి 9 కంటే ముందు కూర్చుంటుంది. మొదటిసారి ఈ గుర్తు పెట్టకుండా కలిపేసినందుకే, ఏ వరుస పోయిందో వెతకడానికి కూడా నాకు దారి లేకపోయింది.

గుర్తులు పెట్టాక విషయం చాలా తేటపడింది. ఉమ్మడి వరుసలు పట్టికలో ఎక్కడపడితే అక్కడ రావు. ఒక పేజీ పై సగం చివర, అదే పేజీ కింది సగం మొదట, అక్కడే వస్తాయి. నేను దానిని అతుకు అని పిలుచుకున్నాను. వెతకవలసింది ఆ అతుకుల దగ్గరే. ఎక్కడో 20వ పేజీలో ఉన్న వరుసను 70వ పేజీలోని వరుసతో పోల్చవలసిన పనే లేదు. ఇక అతుకు దగ్గర కూడా వరుసను వరుసతో విడివిడిగా పోల్చకూడదు. పై ముక్క చివరి కొన్ని వరుసలు, అదే క్రమంలో, కింది ముక్క మొదటి కొన్ని వరుసలతో కలవాలి. ఒక వరుస ఏదో కారణంగా మరో వరుసలా కనిపించవచ్చు, కానీ నాలుగు వరుసలు క్రమం తప్పకుండా కలవాలంటే అది ఉమ్మడి భాగమే అయి ఉండాలి.

మాస్టారు పట్టుకున్న చోటునే తీసుకుంటాను. 41వ పేజీ పై సగం చివర ఇలా వచ్చింది. రచయితల పేర్లు ఇక్కడ వదిలేశాను.

```
041a-22  2217  తేనెటీగల పెంపకం   1-4-0
041a-23  2218  తేనెటీగల పెంపకం   1-4-0
041a-24  1906  నేత పరిశ్రమ       0-12-0
041a-25  3340  పట్టు పురుగులు     1-0-0
041a-26  28/5  వశుపుల నుత
```

కింది సగం మొదట ఇలా ఉంది.

```
041b-01  ..17  లనెటగల పపక
041b-02  2213  తేనెటీగల వెంపకం   1-4-0
041b-03  1906  నేత పరిశ్రమ       0-12-0
041b-04  3340  పట్టు పురుగులు     1-0-0
041b-05  2875  పశువుల మేత       0-8-0
```

పేరును బట్టి తీసేస్తే తేనెటీగల పుస్తకం ఒకటే మిగులుతుంది. నంబరును బట్టి తీసేస్తే 2217, 2218, 2213 అని మూడు మిగులుతాయి, ఎందుకంటే ఓసీఆర్ 8ని 3గా చదివింది. నిజానికి ఉన్నవి రెండు. క్రమాన్ని బట్టి చూస్తే చిక్కు విడిపోతుంది: నేత, పట్టు రెండు వైపులా ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి, వాటికి ముందున్న 2213 అన్నది పైనున్న 2218 తప్ప మరొకటి కాదు. 2217 దాని పైన విడిగా నిలబడింది.

ఇందులో ఇంకో సంగతి చూడండి. పై ముక్క చివరి వరుస, కింది ముక్క మొదటి వరుస రెండూ ఫోటో అంచున సగానికి తెగిపోయాయి. ‘వశుపుల నుత’ అన్నది ‘పశువుల మేత’ తాలూకు పై సగం. ఇలాంటివి దేనితోనూ కలవవు కాబట్టి, నకళ్లు ఏరే ఏ పద్ధతికీ చిక్కకుండా కొత్త పుస్తకాల్లా కూర్చుంటాయి. మొదటిసారి నా జాబితాలో మిగిలిపోయిన దిబ్బలో పెద్ద వాటా వీటిదే. కానీ పై ముక్కలో తెగిన వరుస కింది ముక్కలో పూర్తిగా ఉంటుంది, కింది ముక్కలో తెగినది పై ముక్కలో ఉంటుంది. ఉమ్మడి భాగం సరిపడా ఉంటే, అతుకు దగ్గర ఆ రెండు అంచు వరుసలనూ ముందే కోసేయడంలో నష్టం లేదు. కోసిన తర్వాత ఒక్క వరుస కూడా ఉమ్మడిగా మిగలకపోతే మాత్రం అక్కడ ఏదో జారిపోయి ఉండవచ్చని అనుమానించాలి.

రాసుకున్న ప్రోగ్రాం చిన్నదే. ఒక వరుస నుంచి పన్నెండు వరుసల దాకా ఉమ్మడి ఉందనుకుని చూసి, ఎన్ని అనుకున్నప్పుడు సగటు పోలిక ఎక్కువ వస్తుందో చెబుతుంది. మొదటి స్థానంతో పాటు రెండో స్థానాన్ని కూడా చెప్పమన్నాను. దాని అవసరం తర్వాత తెలిసింది.

```python
from difflib import SequenceMatcher

def sim(x, y):
    return SequenceMatcher(None, x, y).ratio()

def overlap(A, B, maxk=12):
    A, B = A[:-1], B[1:]
    out = []
    for k in range(1, min(maxk, len(A), len(B)) + 1):
        s = sum(sim(a, b) for a, b in zip(A[-k:], B[:k])) / k
        out.append((s, k))
    return sorted(out, reverse=True)[:2]
```

చాలా అతుకుల దగ్గర తీర్పు స్పష్టంగా వచ్చింది. సరైన సంఖ్య దగ్గర పోలిక 0.9కి అటూఇటూగా ఉంటే, మిగతా సంఖ్యల దగ్గర 0.4 దాటలేదు. ఇబ్బంది పెట్టినవి సంపుటాలు. ఒకే పేరుతో తొమ్మిది భాగాలున్న గ్రంథం సరిగ్గా అతుకు మీద పడిందనుకోండి. ‘మూడవ భాగం’, ‘నాలుగవ భాగం’ అన్న మాటలు తప్ప మిగతా వరుసంతా ఒకటే. అప్పుడు నాలుగు వరుసల ఉమ్మడికి 0.96 వస్తే, అయిదింటికి 0.94 వస్తుంది. రెండు ప్రతుల పుస్తకం అతుకు అంచున ఉన్నా ఇదే పరిస్థితి. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా 0.15 కంటే తక్కువ ఉంటే ప్రోగ్రాం మాట వినకూడదని నియమం పెట్టుకున్నాను. అలాంటివి 17 తేలాయి. వాటికి రెండు ఫోటోలనూ తెర మీద పక్కపక్కన పెట్టి కంటితో చూశాను. ఫోను స్టాండు మీద కదలకుండా ఉంది కాబట్టి కోసేసిన అంచు వరుసలతో కలిపి ఉమ్మడి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వరుసలే ఉండాలి. ఎక్కడైనా ఒకటనో పదకొండనో వస్తే, పోలిక ఎంత బాగున్నా అది కూడా చూడవలసినదే.

వరుసలను తీసేసేటప్పుడు రెంటిలో ఏది ఉంచాలన్న ప్రశ్న ఉంటుంది. నేను ఏదో ఒకటి పారేయలేదు. నంబరు రెండు చోట్లా ఒకటే వస్తే దానిని నమ్మాను, తేడా వస్తే ఫోటో చూశాను. 2218, 2213 లాంటి తేడాలు ఉమ్మడి వరుసల్లోనే ఇన్ని కనిపించాయంటే, ఒక్కసారే చదివిన మిగతా వరుసల్లో కూడా ఇలాంటి తప్పులు ఉండి తీరతాయి. వాటిని పట్టుకోవడం వేరే పని, అది ఇంకా నడుస్తోంది.

పేజీ మారే చోటు కథ పూర్తిగా వేరు. 41వ పేజీ కింది సగానికీ 42వ పేజీ పై సగానికీ మధ్య ఉమ్మడి ఉండదు, అవి రెండు వేర్వేరు పేజీలు కదా. అక్కడ ఒకేలాంటి వరుసలు కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అవి రెండు ప్రతులే. అందుకని పైన చెప్పిన ప్రోగ్రాంను పేజీ మలుపుల మీద నడపనే కూడదు. అక్కడ నకలుకు బదులు చీలిక ఉంటుంది. పేరు పొడవైతే రెండో పంక్తికి దిగుతుంది. అది పేజీలో చివరి వరుస అయితే, మొదటి పంక్తి ఈ పేజీ అడుగున, మిగతా సగం తర్వాతి పేజీ నెత్తిన పడుతుంది. మధ్యలో పేజీ తలకట్టు, దాని కింద ‘నాటకములు (తరువాయి)’ అన్న మాట. ఫలితంలో ఇలా కనిపిస్తుంది: నంబరుతో ఒక అసంపూర్ణ వరుస, తర్వాత నంబరు లేకుండా ‘రెండవ భాగము’ అన్న మాటా ధరా మాత్రమే ఉన్న అనాథ వరుస.

ఇక్కడే నేను మొదటిసారి చేసిన పెద్ద పొరపాటు బయటపడింది. ‘రెండవ భాగము’ అన్న అనాథ వరుసలు పట్టిక పొడుగునా చాలానే ఉన్నాయి. అక్షరం అక్షరం సరిపోయే వరుసలను తీసేయమన్నప్పుడు ఒక్కో ధరకు ఒక్కటి మిగిలి తక్కినవన్నీ పోయాయి. దాంతో వాటి పై పేజీల్లో ఉన్న రెండో భాగాలన్నీ పేరులో ఆ మాట లేకుండా మొదటి భాగాల్లా తయారయ్యాయి. ఆ తర్వాత పేరును బట్టి ఏరినప్పుడు అవి నిజంగానే మొదటి భాగానికి నకళ్లలా కనిపించి అవీ పోయాయి. ఒక తప్పు ఇంకో తప్పుకు తలుపు తీసింది. ఇప్పుడు క్రమం మార్చాను: ముందు పేజీ మలుపుల దగ్గర చీలిన వరుసలను కలపాలి, ఆ తర్వాతే నకళ్ల జోలికి వెళ్లాలి. నంబరు లేని వరుస పేజీలో మొదటిదైతే, అంతకు ముందు పేజీ చివరి వరుసకు ధర ఉందో లేదో చూడాలి. ఈ పట్టికలో ధర చివరి పంక్తిలోనే వస్తుంది కాబట్టి, ధర లేదంటే అది అసంపూర్ణమే. అలా 45 అనాథ వరుసలు వాటి వాటి ఇళ్లకు చేరాయి.

అన్నీ అయ్యాక 5,097 మిగిలాయి. అచ్చు లెక్కకు 39 తక్కువ. విభాగాలతో సరిచూస్తే చాలా విభాగాలు కచ్చితంగా సరిపోయాయి. కానీ కథల విభాగంలో 49 ఎక్కువ, చరిత్రలో 86 తక్కువ. రెండు రోజులు అతుకుల్లోనే వెతికాను. చివరికి, చెత్త అనుకుని తీసేసిన పేజీ సంఖ్యలు గుర్తొచ్చాయి. ఫోటోల అడుగున ఉన్న సంఖ్యలను వరుసగా రాసుకుంటూ పోతే 63 రెండుసార్లు ఉంది. 89 తర్వాత 92 ఉంది.

63వ పేజీ దగ్గర భోజనానికి లేచి, వచ్చాక దానినే మళ్లీ తీశాను. రెండోసారి తీసిన దానికి 64 అని పేరు పెట్టి ముందుకు సాగాను. ఇక 89వ పేజీ వెనక వైపు, దాని తర్వాతి ఆకు ముఖం ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. రెండు ఆకులూ కలిపి తిప్పడంతో 90, 91 పేజీలు అసలు ఫోటోకే ఎక్కలేదు. 118 పేజీలకు 236 ఫోటోలు ఉండాలి, నా దగ్గర ఉన్నవి 234. మొదటి రోజే ఫోటోలు లెక్కపెట్టి ఉంటే తెలిసేది. అన్నిటికంటే నన్ను బాధించినది ఇదే: మొదటి జాబితా 5,139 అని చూపించినప్పుడు, రెండు పేజీల పుస్తకాలు అందులో లేనే లేవు. ఆ లోటును నకళ్లు పూడ్చేశాయి.

మర్నాడు వెళ్లి, సన్నని పోస్టుకార్డు ముక్కను ఆకుల మధ్య మెల్లగా జరుపుతూ విడదీశాం. మాస్టారు పేజీని పట్టుకుంటే నేను ఫోటో తీశాను. 86 పుస్తకాలు చేరాయి, రెండోసారి తీసిన 63వ పేజీ తాలూకు 49 వరుసలు పోయాయి. మొత్తం 5,134.

ఇంకా రెండు తక్కువ. తేడా అంతా నాటకాల్లోనే ఉంది: అచ్చులో 412, నా దగ్గర 410. ఈసారి కంప్యూటర్ మూసేసి, అసలు పుస్తకం ముందు పెట్టుకుని మాస్టారూ నేనూ చెరొకసారి చేత్తో లెక్కపెట్టాం. ఇద్దరికీ 410 వచ్చింది. ఆ రోజుల్లో కూడిన వారెవరో రెండు ఎక్కువ వేశారు, అదే చివరి పేజీ మొత్తంలోకీ ఎక్కింది. జాబితాలో 410 అనే ఉంచి, అచ్చులో 412 అని ఉందని పక్కన రాసిపెట్టాను.

అతుకుల దగ్గర చూసిన 17 చోట్లలో మూడింటిని ఫోటో చూసినా తేల్చలేకపోయాను. పురుగు తిన్న కన్నాలు సరిగ్గా నంబర్ల మీదే పడ్డాయి. ఆ వరుసలను ఉంచి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. యాక్సెషన్ రిజిస్టరు పాత బీరువాలో ఉందట. తాళంచెవి దొరికాక ఆ మూడూ చూడాలి.